పాత బాకీ మీద కొత్త లోను: టాప్‌అప్ శాంక్షన్ లెటర్ చదివే పద్ధతి

“సార్, మీరు ఈఎమ్ఐలన్నీ సక్రమంగా కట్టారు కాబట్టి మీకు టాప్‌అప్ వచ్చింది. అయిదున్నర లక్షల లోను. ఈఎమ్ఐ పెరిగేది నెలకు పద్నాలుగు వందలే.” పర్సనల్ లోను తీసుకుని రెండేళ్లు సరిగ్గా కట్టినవాళ్లలో చాలామందికి ఇలాంటి ఫోను వచ్చే ఉంటుంది. ఆ ఫోనులో చెప్పిన రెండు అంకెలూ నిజమే కావచ్చు. కానీ అయిదున్నర లక్షలు చేతికి రావు. పెరిగేది పద్నాలుగు వందలే అన్నది కూడా సగం లెక్కే. మిగతా సగం శాంక్షన్ లెటర్‌లో ఉంటుంది. సంతకం పెట్టేముందు దాన్ని ఎలా చదవాలో ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం.

గుంటూరులో ప్రైవేటు కంపెనీలో పనిచేసే ఒక ఉద్యోగి అనుకుందాం. వయసు 54. రెండేళ్ల కిందట 5 లక్షలు పర్సనల్ లోను తీసుకున్నారు. వడ్డీ 13 శాతం, గడువు 60 నెలలు, ఈఎమ్ఐ 11,377 రూపాయలు, ప్రతి నెలా 5వ తేదీన ఖాతా నుంచి వెళ్తుంది. ఇప్పుడు కూతురి ఇంజినీరింగ్ ఫీజుకు 2 లక్షలు కావాలి. లోను ఇచ్చిన సంస్థే టాప్‌అప్ ఇస్తామంది. మే 28న శాంక్షన్ లెటర్ వచ్చింది. అందులో కొత్త లోను 5,50,000, వడ్డీ 14 శాతం, గడువు 60 నెలలు, ఈఎమ్ఐ 12,798 అని ఉంది. పాత బాకీ 3,45,280 రూపాయలు ఇందులోంచే తీర్చుకుంటామని రాశారు.

మొదట తెలుసుకోవాల్సింది, ఇది అసలు ఏ రకం టాప్‌అప్ అన్నది. ఇంటి లోను మీద టాప్‌అప్ ఇచ్చేటప్పుడు చాలా బ్యాంకులు పాత ఖాతాను కదిలించకుండా, పక్కనే ఇంకో ఖాతా తెరుస్తాయి. పాతదాని వడ్డీ, గడువు అలాగే ఉంటాయి. పర్సనల్ లోనులో మాత్రం ఎక్కువగా జరిగేది వేరు. పాత లోనును మూసేసి, ఆ బాకీనీ కొత్త సొమ్మునూ కలిపి ఒకే కొత్త లోనుగా రాస్తారు. పేరు టాప్‌అప్ అయినా జరిగేది పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేయడమే. లెటర్‌లో కొత్త లోను ఖాతా నంబరు, పాత ఖాతాను క్లోజ్ చేస్తామన్న మాట ఉంటే ఇది ఈ రెండో రకమని అర్థం. ఈ వ్యాసంలో మాట్లాడుకునేది దీని గురించే.

ఇక బాకీ అంకె. లెటర్‌లో 3,45,280 అని ఉంది. అది తప్పు కాదు, మే 28 నాటి అంకె. అప్పటికి 23 ఈఎమ్ఐలు కట్టి ఉన్నారు. కానీ డబ్బు చేతికి వచ్చేది జూన్ 17న అనుకోండి. మధ్యలో జూన్ 5న 24వ ఈఎమ్ఐ ఖాతా నుంచి వెళ్లిపోయింది. ఆ 11,377లో వడ్డీ 3,741 పోగా 7,636 రూపాయలు అసలుకు జమయ్యాయి. అంటే జూన్ 5 తర్వాత మిగిలిన అసలు 3,37,644. జూన్ 17 దాకా 12 రోజులకు దాని మీద 13 శాతం చొప్పున వడ్డీ 1,443. కాబట్టి ఆ రోజు పాత లోను తీర్చడానికి కావాల్సింది 3,39,087 రూపాయలు. లెటర్‌లోని అంకెతోనే ఖాతా మూసేస్తే, జూన్‌లో మీరు కట్టిన అసలు మళ్లీ మీ దగ్గరే పట్టుకున్నట్టవుతుంది.

చాలాచోట్ల సొమ్ము విడుదల చేసే రోజున కంప్యూటరే బాకీని తాజాగా లెక్కకడుతుంది. ఒకవేళ ఎక్కువ పట్టుకున్నా తర్వాత తిరిగి వేస్తారు. అయినా లెటర్‌లోని అంకెను నమ్ముకుని కూర్చోకూడదు. సొమ్ము విడుదలయ్యే తేదీకి పాత లోను ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ ఇమ్మని అడగండి. అందులో మిగిలిన అసలు, ఆ తేదీ వరకు వడ్డీ, ఎప్పుడైనా ఈఎమ్ఐ ఆలస్యమై ఉంటే దాని తాలూకు పెనాల్టీ, ఫోర్‌క్లోజర్ చార్జీ ఉంటే అదీ విడివిడిగా కనిపించాలి. చివరిది ముఖ్యం. పర్సనల్ లోన్లు ఎక్కువగా మారని వడ్డీ మీద ఇస్తారు. అలాంటి వాటిని ముందే తీరిస్తే చార్జీ వేసే వీలు పాత ఒప్పందంలోనే రాసి ఉండవచ్చు. అదే సంస్థ టాప్‌అప్ ఇస్తున్నప్పుడు చాలాసార్లు దీన్ని వదిలేస్తారు. వదిలేస్తున్నామని నోటిమాటగా కాకుండా కాగితం మీద ఉండాలి. ఎందుకంటే 3,37,644 మీద 4 శాతమే అనుకున్నా జీఎస్టీ కాకముందే 13,500 దాటుతుంది. మన ఉదాహరణలో ఆ చార్జీ లేదనే అనుకుందాం.

ఇంకో చిన్న సంగతి. పాత ఖాతా మూసిన తేదీ, కొత్త ఖాతాలో వడ్డీ మొదలైన తేదీ ఒకటే అయి ఉండాలి. కొత్త లోను జూన్ 14నే మొదలైనట్టు చూపించి, పాతదాన్ని 17న మూస్తే ఆ మూడు రోజులూ ఒకే డబ్బుకు రెండు ఖాతాల్లో వడ్డీ పడుతుంది. మన లెక్కలో అది దాదాపు 390 రూపాయలు. మొత్తం చిన్నదే అయినా, మనం కట్టాల్సినది కాదు. సొమ్ము నిజంగా ఇచ్చిన రోజు నుంచే వడ్డీ లెక్కకట్టాలని రిజర్వ్ బ్యాంకు 2024 ఏప్రిల్‌లో రుణసంస్థలకు స్పష్టంగా చెప్పింది. కాబట్టి ఆ తేడా కనిపిస్తే నిలదీసి అడగవచ్చు.

ఇప్పుడు చార్జీలకు వద్దాం. లెటర్‌లో ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం అని ఉంది. దేని మీద 2 శాతం? ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. మన ఉద్యోగికి కావాల్సింది 2 లక్షలు. కానీ ఫీజు వేసింది మొత్తం 5,50,000 మీద. అంటే 11,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,980, వెరసి 12,980 రూపాయలు. పాత బాకీ 3,37,644కు రెండేళ్ల కిందటే ఒకసారి ఫీజు కట్టారు. అదే డబ్బుకు ఇప్పుడు మళ్లీ కడుతున్నది జీఎస్టీతో కలిపి 7,968. నా దృష్టిలో ఈ మొత్తం లెటర్‌లో గట్టిగా బేరమాడాల్సిన చోటు ఇదే. ఆ మనిషి ఎవరో, జీతమెంతో, రెండేళ్లుగా ఎలా కడుతున్నారో సంస్థకు ముందే తెలుసు. పాత బాకీ భాగానికి కొత్తగా పరిశీలించాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఫీజును కొత్త సొమ్ముకే పరిమితం చేయమని అడిగితే ఒప్పుకునే సంస్థలు ఉన్నాయి. అడగనివారికి మాత్రం ఎవరూ తగ్గించరు.

తర్వాతి పద్దు లోను బీమా, 9,500 రూపాయలు. అప్పు తీసుకున్నవారు చనిపోతే బాకీని బీమా కంపెనీ తీర్చే పాలసీ ఇది. కుటుంబంలో ఒకరి జీతమే ఆధారమైతే ఇది పనికొచ్చేదే, అనవసరమని కొట్టిపారేయను. కానీ పర్సనల్ లోనుకు దీన్ని తప్పనిసరి అని చెప్పి అంటగట్టడం సరికాదు. పైగా పాత లోనుకూ ఇలాంటి పాలసీ ఒకటి ఉండి ఉంటుంది. ఆ లోనే మూసేస్తున్నప్పుడు, దాని బీమాలో మిగిలిన మూడేళ్ల కాలానికి ప్రీమియం ఎంత తిరిగి వస్తుందో అడగాలి. లెటర్‌లో ఆ ప్రస్తావన సాధారణంగా ఉండదు. పాత పాలసీ సర్టిఫికెట్ వెతికి తీసి, బీమా కంపెనీకి విడిగా రాయాల్సి రావచ్చు. పాతది వదిలేసి కొత్తది కొనడమంటే మిగిలిన ఆ కాలానికి రెండుసార్లు ప్రీమియం కట్టడమే.

ఇక చేతికొచ్చే సొమ్ము లెక్క చూద్దాం. 5,50,000లోంచి పాత లోనుకు 3,39,087 పోతే 2,10,913. ఫీజు 12,980 తీస్తే 1,97,933. బీమా 9,500 తీస్తే మిగిలేది 1,88,433. కాలేజీకి కట్టాల్సింది 2 లక్షలు. పదకొండున్నర వేలు తక్కువ పడింది. అయిదున్నర లక్షల లోను మంజూరైనా అనుకున్న ఫీజుకు సరిపోలేదు. శాంక్షన్ లెటర్‌లో అందరికన్నా ముందు చూడాల్సిన అంకె ఈ చివరిదే. అది విడిగా రాసి లేకపోతే రాసివ్వమని అడగాలి.

మిగిలింది గడువు. ఈ టాప్‌అప్‌లో అసలు ఖర్చు దాగి ఉన్నది ఇక్కడే. పాత లోను అలాగే ఉంటే ఇంకో 36 నెలల్లో తీరిపోయేది. ఇంక కట్టాల్సింది 36 సార్లు 11,377, అంటే 4,09,572. అందులో వడ్డీ 71,928 మాత్రమే. ఎందుకంటే మొదటి రెండేళ్లలోనే వడ్డీ భారం ఎక్కువగా మోసేశారు. ఈఎమ్ఐలో వడ్డీ భాగం తగ్గి, అసలు వేగంగా కరుగుతున్న దశ ఇది. సరిగ్గా ఈ దశలోనే ఆ బాకీని తీసుకెళ్లి, 14 శాతం వడ్డీతో, మళ్లీ 60 నెలల లోను మొదట్లో కూర్చోబెట్టారు. గడువు 36 నుంచి 60కి సాగింది కాబట్టే ఈఎమ్ఐ 1,421 మాత్రమే పెరిగింది. సంస్థ ఏమీ తగ్గించలేదు.

ఆ పెరుగుదలను సరిగ్గా చదవాలంటే పాత గడువు దగ్గర గీత గీసి చూడాలి. మొదటి 36 నెలలు అదనపు భారం నెలకు 1,421. పాత లోను ఉంటే ఆ తర్వాత కట్టాల్సింది సున్నా. ఇప్పుడు ఇంకో 24 నెలల పాటు నెలకు 12,798 పూర్తిగా అదనం. ఫోనులో చెప్పని సగం ఇదే. మన ఉద్యోగికి ఇప్పుడు 54. పాత లోను 57కు తీరేది. కొత్తది 59 దాకా ఉంటుంది. కంపెనీలో రిటైర్మెంట్ 58కే అయితే చివరి ఏడాది ఈఎమ్ఐలు జీతం లేకుండా కట్టాలి. పీఎఫ్ సొమ్ములోంచి తీసి లోను కట్టుకునే పరిస్థితి చాలా ఇళ్లలో ఇలాగే వస్తుంది.

అదే 2 లక్షలను వేరే లోనుగా తీసుకుని ఉంటే ఎలా ఉండేదో పోల్చి చూద్దాం. అదే 14 శాతం, అదే 60 నెలలు అనుకుంటే ఈఎమ్ఐ 4,654. రెండు శాతం ఫీజు, జీఎస్టీ కలిపి 4,720. బీమా తీసుకోలేదనుకుంటే చేతికి 1,95,280 వస్తాయి. పాత లోను తన దారిన 36 నెలల్లో తీరిపోతుంది. రెండు లోన్లకూ కలిపి ఇకమీదట కట్టేది 4,09,572, 2,79,240, వెరసి 6,88,812. టాప్‌అప్‌లో కట్టేది 60 సార్లు 12,798, అంటే 7,67,880. చేతికొచ్చింది తక్కువ, కట్టేది 79,068 ఎక్కువ. అయితే వేరే లోను దారిలో మొదటి మూడేళ్లు నెలకు రెండూ కలిపి 16,031 కట్టాలి. ఆ స్తోమత లేనివారికి టాప్‌అప్ అవసరమే కావచ్చు, అది తప్పేమీ కాదు. కానీ నెలకు 3,233 వెసులుబాటు కోసం మొత్తం మీద 79 వేలు ఇస్తున్నామన్న సంగతి తెలిసి తీసుకోవాలి.

మధ్యేమార్గమూ ఉంది. టాప్‌అప్పే తీసుకుని గడువు మాత్రం 48 నెలలకు కుదించమని అడగవచ్చు. అప్పుడు ఈఎమ్ఐ 15,030. నెలకు 2,232 ఎక్కువ కడతారు, మొత్తం మీద 46,440 ఆదా అవుతుంది. పైగా 58కు తీరిపోతుంది. లెటర్‌లో వచ్చే గడువు చాలాసార్లు సంస్థ తనంతట తాను పెట్టిందే. మీరు అడగలేదు కాబట్టే 60 అని ఉంటుంది. ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ ఉంటే ఏ గడువుకు ఎంత ఈఎమ్ఐ వస్తుందో ఒక్క వరుసలో తేలుతుంది:

```
=PMT(14%/12, 48, -550000)
```

48 స్థానంలో మీకు కావాల్సిన నెలలు, 14 స్థానంలో లెటర్‌లోని వడ్డీ వేసుకోండి. వచ్చిన అంకె లెటర్‌లోని ఈఎమ్ఐతో రూపాయి రెండు రూపాయల తేడాలో సరిపోవాలి. అంతకుమించి తేడా ఉంటే ఏదో చార్జీని లోనులో కలిపేశారనో, వడ్డీ వేరేగా లెక్కకట్టారనో అనుమానించాలి.

ఈ లెక్కలన్నీ వేసుకోలేనివారికి ఒక మంచి కాగితం ఉంది. 2024 అక్టోబరు 1 తర్వాత మంజూరయ్యే రిటైల్ టర్మ్ లోన్లన్నిటికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. పాత ఖాతాదారుకు ఇచ్చే కొత్త లోనుకూ ఇది వర్తిస్తుంది. రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, అంటే తెలుగులో అడిగే హక్కు మనకుంది. అందులో లేని చార్జీని మన స్పష్టమైన సమ్మతి లేకుండా తర్వాత వేయడానికి వీల్లేదు. ఏడు రోజులకు మించిన లోన్లలో ఆ షరతులను ఒప్పుకోవడానికి కనీసం మూడు పనిదినాలు గడువు ఇవ్వాలి. కాబట్టి “సార్, ఆఫర్ ఈరోజుతో అయిపోతుంది” అని తొందరపెడితే ఈ నియమం గుర్తుచేయండి.

ఆ కాగితంలో ఏపీఆర్ అనే వార్షిక శాతం ఒకటి ఉంటుంది. వడ్డీతోపాటు ఫీజు, బీమా కూడా కలిపి లెక్కకట్టినది అది. మన ఉదాహరణలో వడ్డీ 14 శాతమే అయినా ఏపీఆర్ 15.9 శాతం దగ్గర ఉంటుంది. ఇది నిజాయితీగల అంకె. కానీ టాప్‌అప్‌లో ఇదీ పూర్తి కథ చెప్పదు. ఎందుకంటే ఇది 5,50,000నూ కొత్త అప్పుగానే చూస్తుంది. కొత్తగా చేతికొచ్చింది 1,88,433 మాత్రమే. దానికోసం మూడేళ్లు నెలకు 1,421, ఆ తర్వాత రెండేళ్లు నెలకు 12,798 ఇస్తున్నాం. ఈ రాకపోకల మీద వడ్డీ రేటు కడితే ఏడాదికి 18 శాతం దగ్గరకు వస్తుంది. 13 శాతానికి నడుస్తున్న పాత బాకీని 14కు మార్చిన భారమూ, దాని మీద మళ్లీ వేసిన ఫీజూ ఈ కొత్త సొమ్మే మోయాలి కదా. బయట ఇంకో సంస్థ 2 లక్షలకు 16 శాతం అడిగితే, “ఇక్కడ 14కే ఇస్తున్నారు” అని తిరస్కరించడం ఈ లెక్క తెలియకనే.

మొబైల్ యాప్‌లోనే నొక్కేసి తీసుకున్న టాప్‌అప్ అయితే ఇంకో రక్షణ ఉంది. డిజిటల్ లోన్లకు కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ వ్యవధి ఇవ్వాలని నియమం. ఆ వ్యవధిలో అసలు, అన్ని రోజులకు పడే ఏపీఆర్ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడవచ్చు. ముందే చెప్పిన ప్రాసెసింగ్ ఫీజు మాత్రం సంస్థ ఉంచుకునే అవకాశం ఉంది. కాకపోతే టాప్‌అప్‌లో పాత లోను ఆ పాటికే మూసేసి ఉంటారు కాబట్టి, వెనక్కి వెళ్లడమంటే మొత్తం బాకీ ఒకేసారి కట్టాల్సి రావచ్చు. అందుకే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ చదవడం ఓటీపీ కొట్టాక కాదు, కొట్టకముందే జరగాలి.

అన్నీ చూసుకుని టాప్‌అప్ తీసుకున్నారనుకోండి. సొమ్ము ఖాతాలో పడిన వారంలోపు రెండు సంగతులు చూడాలి. పాత లోనుకు ఇచ్చిన ఆటో డెబిట్ ఆదేశాన్ని రద్దు చేశారా లేదా అన్నది మొదటిది. రద్దు కాకపోతే జూలై 5న పాత ఈఎమ్ఐ 11,377, కొత్త ఈఎమ్ఐ రెండూ ఒకే ఖాతా నుంచి లాగేసే ప్రమాదం ఉంది. ఖాతాలో డబ్బు చాలకపోతే ఒకటి బౌన్స్ అయి, బౌన్స్ చార్జీలతోపాటు క్రెడిట్ చరిత్రలోనూ మచ్చ పడుతుంది. పాత లోను పూర్తిగా తీరిందని రాతపూర్వక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోవడం రెండోది. నెలా రెండు నెలల తర్వాత సిబిల్ నివేదిక తీసి, పాత లోను క్లోజ్డ్ అనీ, కొత్తది ఒక్కటే నడుస్తున్నట్టూ ఉందా అని చూడాలి. రెండూ నడుస్తున్నట్టు ఉంటే మీ మీద ఉన్న అప్పు నిజంగా ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. రేపు ఇంటి లోనుకు వెళ్లినప్పుడు అది అడ్డం వస్తుంది.

తేడా కనిపిస్తే ముందు సంస్థ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా, శాంక్షన్ లెటర్, ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ జతచేసి పంపండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదులో “ఎక్కువ పట్టుకున్నారు” అని మాత్రమే రాస్తే సరిపోదు. “జూన్ 5న కట్టిన ఈఎమ్ఐలో అసలుకు జమ కావాల్సిన 7,636 రూపాయలు జూన్ 17 క్లోజర్ అంకెలో తగ్గించలేదు” అని తేదీ, అంకె సహా రాయండి. ఆ ఒక్క వాక్యానికి వాళ్లు లెక్కతోనే జవాబు చెప్పాలి.